ఫోనులో బ్యాంకు వాళ్లు చెప్పిన మాటకు తేదీ వేసి పెట్టుకో

కావలి

చి. సౌ. లక్ష్మికి మామయ్య ఆశీస్సులు.

ఇంటి అప్పు గడువుకు ముందే తీర్చాలని బ్యాంకుతో ఫోనులో మాట్లాడుతున్నావని అక్కయ్య చెబితే గర్వంగా అనిపించింది. వాళ్లు చెప్పిన మొత్తం ఎక్కడ రాసిందని అడిగాను. గుర్తుందట అంది. అందుకే ఈ ఉత్తరం.

పాస్‌బుక్కుమీద ఉన్న నంబరుకు నువ్వే ఫోను చెయ్యి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకు.

మీ నాన్నగారు ట్రాక్టరు అప్పు తీర్చిన సంగతి నీకు తెలియదు. అసలు 4,00,000, వడ్డీ నూటికి ఏడాదికి 12. ఫోనులో 4,06,250 కడితే సరిపోతుందన్నారు. ఆయన క్యాలెండరు వెనక ఆ అంకె ఒక్కటే గీసుకున్నారు. టంగుటూరు వేలం కేంద్రంలో అమ్మిన పొగాకు డబ్బు ఖాతాలో పడడానికి ఎనిమిది రోజులు పట్టింది, పడగానే అంతే కట్టి వచ్చారు. కానీ వాళ్లు చెప్పింది ఆ రోజు కడితే తీరే మొత్తం. ఆ తరువాత రోజుకు 131 రూపాయల పైచిలుకు వడ్డీ పెరుగుతూనే ఉంది. వెయ్యి రూపాయలు చిల్లర తక్కువపడడంతో ఖాతా మూతపడలేదు, బాకీ ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. ట్రాక్టరు అమ్మబోయినప్పుడు, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించడానికి కావలసిన ఎన్‌ఓసీ ఇచ్చేది లేదన్నారు. ఫలానా అంకె చెప్పారని మీ నాన్నగారు ఎంత వాదించినా, ఎప్పుడు, ఎవరు, ఏ తేదీకి చెప్పారన్నదానికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. పెద్దమనిషి కౌంటరు ముందు తల దించుకుని నిలబడడం నేను చూశాను.

కనుక ఫోను పెట్టేముందు అంకెను తిరిగి చదివి, ఏ తేదీ వరకు చెల్లుతుందో, దాటితే రోజుకు ఎంతో అడుగు. పెట్టేసిన వెంటనే, కూర వండాక కాదు, ఇలా రాయి:

"12-6-2025, గురువారం, ఉదయం 11.10 నుంచి 11.25 వరకు. కస్టమర్ కేర్‌కు నేనే ఫోను చేశాను. మాట్లాడినవారి పేరు, రిఫరెన్సు నంబరు ఇవి. 30-6-2025న కడితే మొత్తం 8,21,400 అని, దాటితే రోజుకు 190 అని చెప్పారు. ముందుగా తీర్చినందుకు చార్జీ లేదన్నారు. ఇంటి కాగితాలు తిరిగి ఇచ్చే విషయం కనుక్కుని చెబుతామన్నారు."

ఆ చివరి వాక్యం చూడు. "ఇస్తాం" అనకపోతే నువ్వు "ఇస్తామన్నారు" అని రాయకూడదు. నీకు అర్థమైనది వేరుగా, కింద రాసుకో. మారే వడ్డీమీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కాబట్టి చార్జీ ఉందని వాళ్లంటే కారణం కూడా వాళ్ల మాటల్లోనే రాయాలి.

దాన్ని అదే రోజు బ్యాంకుకు మెయిలు చేసి, తేడా ఉంటే రాతపూర్వకంగా తెలపమని అడుగు. ఖాతా నంబరులో చివరి నాలుగంకెలు చాలు. వాళ్లు జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టు కాదు, కట్టేముందు ఆ తేదీకి రాతలో లెక్క తెప్పించుకోవాల్సిందే. కానీ తేదీ, సమయం ఉంటే వాళ్ల దగ్గరున్న రికార్డింగు వెతికించమని అడగడానికి నీకు ఆధారం ఉంటుంది.

మెయిలు పంపే ముందు నాకొకసారి ఫోటో తీసి పంపు తల్లీ, అంకెలు నేనూ కూడి చూస్తాను.

మీ మామయ్య