రేడియేటర్ల ముల్లు మూడుకెక్కితే నీళ్లు నింపడం కాదు, ట్యాంకులో గాలి చూడాలి

ప్రశ్న: అన్నా, మేం ఈ చలి దేశానికి వచ్చి మూడు నెలలైంది. అద్దె ఇల్లు, బాయిలరు, గది గదికీ రేడియేటరు. పొద్దున చూస్తే నీటి ఒత్తిడి చూపే గేజులో ముల్లు సున్నా దగ్గర పడి ఉంటోంది. నీళ్లు వదిలి 1.2 బార్‌కి తెస్తున్నాను. హీటింగ్ వేసిన గంటలో అది 3 దాకా ఎక్కి, బయటి గోడకున్న రాగి గొట్టంలోంచి వేడినీళ్లు కారుతున్నాయి. రాత్రి చల్లారాక మళ్లీ సున్నా. ఆ గొట్టానికి బిరడా కొట్టేస్తే సరిపోతుందా?

తమ్ముడూ, ముందు చివరి మాటకు జవాబు చెబుతాను. బిరడా కొట్టొద్దు. ఈ వ్యవస్థలో ఇప్పుడు సరిగా పనిచేస్తున్నది ఆ గొట్టం వెనకున్న, ఒత్తిడి మితిమీరితే నీళ్లు బయటకు వదిలే రిలీఫ్ వాల్వు ఒక్కటే. పాడైంది ఇంకోటి. అది ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అని నీ గేజు అంకెలే చెబుతున్నాయి. ఎలాగో చూడు.

రేడియేటర్ల గుండా తిరిగే నీళ్లు ఒకే నీళ్లు. బాయిలరులో వేడెక్కి, గదుల్లో వేడి వదిలి, మళ్లీ బాయిలరుకే వస్తాయి. ఈ దారంతా మూసి ఉంటుంది. 10 డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు వేడిచేస్తే సుమారు 2.9 శాతం ఉబ్బుతుంది. మీ బాయిలరు, గొట్టాలు, రేడియేటర్లు అన్నీ కలిపి 120 లీటర్ల నీళ్లు పడతాయనుకో, వేడెక్కేసరికి మూడున్నర లీటర్లు అదనంగా తయారవుతాయి. నీటిని నొక్కి చిన్నది చేయడం మన వల్ల అయ్యే పని కాదు. ఆ మూడున్నర లీటర్లకు చోటు ఉండి తీరాలి, లేదంటే ఇనుమైనా రాగైనా ఎక్కడో ఒకచోట తెగాలి.

ఆ చోటు ఇచ్చేదే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. బాయిలరు పక్కన గొట్టానికి వేలాడుతున్న చిన్న ఉక్కు డబ్బా అదే. ఎరుపు, బూడిద, తెలుపు, ఏ రంగులోనైనా ఉండొచ్చు. కొన్ని ఇళ్లలో బాయిలరు పెట్టె లోపలే చదునుగా అమర్చి ఉంటుంది. డబ్బా మధ్యలో రబ్బరు పొర ఉంటుంది. ఒకవైపు హీటింగ్ నీళ్లు, రెండోవైపు ముందే కొట్టి ఉంచిన గాలి. నీళ్లు ఉబ్బినప్పుడు పొరను నెడతాయి, గాలి నలిగి చోటిస్తుంది. చల్లారినప్పుడు గాలి మళ్లీ నీళ్లను వెనక్కి తోస్తుంది. నీళ్లు నలగవు, గాలి నలుగుతుంది. ఈ పనంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. గేజు సున్నా చూపినా బయటి వాతావరణపు ఒత్తిడి 1 బార్ ఉంటుంది కాబట్టి గాలి లెక్కల్లో గేజు అంకెకు ఒకటి కలపాలి. 12 లీటర్ల ట్యాంకులో 1 బార్ గాలి ఉందనుకో. నువ్వు నీళ్లు 1.2 బార్‌కి నింపినప్పుడు ఆ గాలి 12 లీటర్ల నుంచి దాదాపు 11 లీటర్లకు నలుగుతుంది. వేడెక్కి మూడున్నర లీటర్ల నీళ్లు లోపలికి వస్తే గాలికి ఏడున్నర లీటర్ల లోపు మిగులుతుంది. అప్పుడు గేజు 2.2 దగ్గర ఆగుతుంది. రిలీఫ్ వాల్వు తెరుచుకునేది 3 దగ్గర. ఇంకా దూరముంది, ఏ బాధా లేదు.

అదే ట్యాంకులో గాలి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గి 0.3 బార్‌కి వచ్చిందనుకో. చల్లగా ఉన్నప్పుడు నువ్వు నింపేది అదే 1.2. గేజు చూడటానికి ఏ తేడా తెలియదు. కానీ లోపల గాలి అప్పటికే 7 లీటర్లకు నలిగిపోయి ఉంటుంది, మిగతా జాగా నీళ్లు ఆక్రమించేశాయి. వేడెక్కి మరో మూడున్నర లీటర్లు వస్తే లెక్క ప్రకారం ముల్లు 3.3కి పోవాలి. పోదు, 3 దగ్గరే వాల్వు తెరుచుకుని కాస్త నీటిని బయటకు వదులుతుంది. అంటే పొద్దున గేజు సరిగా ఉన్నంత మాత్రాన ట్యాంకు బాగున్నట్టు కాదు. చల్లగా ఎంత, వేడిగా ఎంత అని రెండూ రాసుకోవాలి. ఆ రెంటి మధ్య ఎడం ఒక బార్ చుట్టూ ఉంటే మంచిది. రెండు బార్‌లకు దగ్గరైతే ట్యాంకును అనుమానించు.

నీ విషయంలో రాత్రికి ముల్లు సున్నాకే పడిపోతోంది. గాలి కొంచెం తగ్గిన ట్యాంకు అంతగా పడనివ్వదు. ఇలా పడుతోందంటే గాలి దాదాపు ఏమీ మిగల్లేదన్నమాట, లేదా పొరే చిరిగి ఉండొచ్చు. రోజూ రెండు మూడు లీటర్లు బయటకు పోతూ ఉండాలి. గొట్టం కింద బకెట్ పెట్టి ఒకరోజు కొలిచి చూడు. నీళ్లు ఒళ్లు కాలేంత వేడిగా ఉంటాయి, పిల్లల్ని అటు రానివ్వకు.

నేను వచ్చిన మొదటి చలికాలమంతా నువ్వు చేస్తున్నదే చేశాను. ముల్లు పడితే నింపడం, పడితే నింపడం. అది పని అనుకున్నాను, నష్టమని తర్వాత తెలిసింది. మూసిన గొట్టాల్లో పాత నీళ్లు మంచివి. వాటిలోని ఆక్సిజన్ ఎప్పుడో ఇనుముతో కలిసి అయిపోయి ఉంటుంది. కొత్త నీళ్లు పోసిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ వస్తుంది, రేడియేటర్లు లోపలినుంచి తుప్పు పడతాయి, నల్లటి బురద అడుగున చేరుతుంది. నీళ్లు కఠినమైనవైతే బాయిలరు లోపల సున్నపు పెచ్చు కూడా కడుతుంది. వసంతానికి మా ఇంట్లో రెండు రేడియేటర్ల కింది సగం వేడెక్కడం మానేసింది. కారణం ఆ బురదే.

ట్యాంకును పరీక్షించే పద్ధతి చెబుతాను. కానీ ఒక హద్దు ఉంది. ట్యాంకు బయట వేలాడుతుంటేనే ఇది మనం చూడగలిగే పని. బాయిలరు మూత విప్పాల్సి వస్తే చెయ్యి పెట్టకు, గ్యాస్ బాయిలరు మూత విప్పడానికి చాలా దేశాల్లో లైసెన్సున్న మనిషే రావాలి. అద్దె ఇల్లు కాబట్టి ఈ అంకెలు రాసి, ఫోటోలు తీసి ఇంటి యజమానికి రాతపూర్వకంగా పంపు. వచ్చిన మెకానిక్ సరిగా చేస్తున్నాడో లేదో తెలుసుకోవడానికైనా పద్ధతి తెలియాలి.

హీటింగ్ ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి. ట్యాంకు అడుగునో పైనో ప్లాస్టిక్ మూత కింద కారు టైరుకు ఉన్నలాంటి వాల్వు ఉంటుంది. దాన్ని ఒక్క క్షణం నొక్కు. గాలికి బదులు నీళ్లు చిమ్మితే పొర చిరిగింది, ట్యాంకు మార్చడం తప్ప దారి లేదు. గాలి వస్తే, లేదా ఏమీ రాకపోతే, పొర బాగుండే అవకాశం ఉంది. అప్పుడు గొట్టాల్లోని నీళ్లు వదిలే కుళాయి, అంటే డ్రెయిన్ కాక్ తెరిచి గేజు సున్నాకు వచ్చేదాకా నీళ్లు వదిలి, ఆ తర్వాతే టైరు గేజుతో కొలవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నీటి ఒత్తిడి ఉండగా కొలిస్తే పొరకు రెండువైపులా అదే ఒత్తిడి ఉంటుంది కాబట్టి 1.2 అని చూపిస్తుంది, ట్యాంకు బాగుందని మోసపోతాం.

డ్రెయిన్ కాక్ తెరిచే ఉంచి, సైకిల్ పంపుతో గాలి కొట్టాలి. పొర నీళ్లను తోస్తుంది, కాక్‌లోంచి నీళ్లు వస్తాయి. నీళ్లు రావడం ఆగాక కొలిచి, కావలసిన అంకెకు తేవాలి. ఆ అంకె ఇంటి ఎత్తును బట్టి ఉంటుంది. ట్యాంకు నుంచి అన్నిటికన్నా పైనున్న రేడియేటరు దాకా మీటరుకు 0.1 బార్ చొప్పున లెక్కేసి, పైన 0.3 కలుపు. మీది రెండంతస్తులు, పై రేడియేటరు ఆరు మీటర్ల ఎత్తులో ఉంటే 0.9 వస్తుంది, 1 పెట్టుకోవచ్చు. తయారీదారు వేరే అంకె రాసి ఉంటే దానికే కట్టుబడాలి. ఒత్తిడిని బార్‌లలో కాక పీఎస్‌ఐలో కొలిచే దేశాల్లో ఇంటి ట్యాంకులు సాధారణంగా 12కి, రిలీఫ్ వాల్వు 30కి ఉంటాయి. తర్వాత కాక్ మూసి, నీళ్లు గాలి అంకె కన్నా 0.2 ఎక్కువకు నింపి, రేడియేటర్లలో చేరిన గాలి వదిలి, మళ్లీ సరిచేయాలి. వారంలోపే గాలి మళ్లీ తగ్గితే పొర లేదా ఆ చిన్న వాల్వు కారుతోందని అర్థం. గొట్టాల్లో గడ్డకట్టని ద్రవం కలిపి ఉంటే అది నీటికన్నా ఎక్కువ ఉబ్బుతుంది, ట్యాంకు ఇంకాస్త పెద్దది కావాలి.

ఇక రిలీఫ్ వాల్వు. దాన్ని మూస్తే ఏమవుతుందో నిజంగా తెలుసుకో. ఉబ్బిన నీటి ఒత్తిడి ఒక ప్రమాదం. దానికన్నా పెద్దది, ఏదో ఒకరోజు థర్మోస్టాట్ పాడై మంట ఆగకపోవడం. 3 బార్ ఒత్తిడిలో నీళ్లు 143 డిగ్రీల దాకా మరగవు, నీళ్లుగానే ఉంటాయి. ఆ స్థితిలో ఎక్కడైనా పగిలితే ఒత్తిడి ఒక్కసారి పడిపోతుంది, నీళ్లలో కొంత భాగం అప్పటికప్పుడే ఆవిరవుతుంది. ఆవిరి నీటికన్నా పదహారు వందల రెట్లు చోటు కోరుతుంది. గోడలు కూల్చేది అదే. అందుకే బాయిలరుకూ ఆ వాల్వుకూ మధ్య ఏ కాక్ ఉండకూడదు. గొట్టం వాల్వు నోటికన్నా సన్నబడకూడదు, కిందికే వాలాలి, చివర తెరిచే ఉండాలి. నీళ్లు నిలిచే వంపు ఉంటే అక్కడ గడ్డకట్టి గొట్టం తనంతట తానే బిరడా అవుతుంది. మీ గొట్టం బయటి గోడమీద ఉందన్నావు కనుక, మంచు రోజుల్లో దాని కొన ఒకసారి చూసుకో.

అన్నిసార్లు తెరుచుకున్న వాల్వు లోపల మూసుకునే చోట మురికి చేరి సరిగా మూసుకోకపోవచ్చు. ట్యాంకు బాగుచేశాక ముల్లు 2.2 దాటకపోయినా గొట్టం బొట్లు బొట్లుగా కారుతుంటే వాల్వు కూడా మార్చాలి, అదే 3 బార్‌ది. స్నానపు వేడినీళ్ల ట్యాంకు మీద ఉండే వాల్వు వేరు, అది ఒత్తిడికీ వేడికీ రెంటికీ తెరుచుకుంటుంది, చాలా ఎక్కువ ఒత్తిడికి తయారైంది. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టకూడదు.

ఒక్క అనుమానం మిగులుతుంది. హీటింగ్ ఆపి రాత్రంతా వదిలేసి, పొద్దున చూస్తే ముల్లు పడకుండా పైకి ఎక్కి ఉంటే, అది ట్యాంకు తప్పు కాదు. నీళ్లు నింపే వాల్వు సరిగా మూసుకోక మునిసిపల్ నీళ్లు లోపలికి ఊరుతున్నాయి, లేదా వేడినీళ్ల ట్యాంకులోని చుట్ట గొట్టానికి చిల్లు పడింది. నింపే గొట్టాన్ని రెండు చివరలా మూసి, వీలైతే విడదీసి మరో రాత్రి చూడు. అప్పటికీ ఎక్కుతుంటే చుట్ట గొట్టమే.