తీసివేత సరిపోదు, ABS కూడా కావాలి

"సార్, నేను కామర్స్ డిగ్రీ ఫైనల్ ఇయర్. అకౌంట్స్ ఉద్యోగానికి ఎక్సెల్ టెస్ట్ రాశాను. బిల్లు మొత్తానికీ అందిన మొత్తానికీ 0.01 కంటే ఎక్కువ తేడా ఉన్న వరుసల్ని గుర్తించమన్నారు. =B2-C2>0.01 అని రాసి కిందివరకూ లాగాను. సగం తప్పులు దొరకలేదని తీసేశారు. మళ్లీ ఇలాంటిదే వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం ప్రాక్టీస్ చేయాలి?"

దొరకని ఆ సగం ఎక్కడుందో చెప్తాను. B లో 1840, C లో 1790 ఉంటే తేడా 50, మీ ఫార్ములాకు దొరుకుతుంది. తర్వాతి వరుసలో B లో 960, C లో 1010 ఉన్నాయనుకోండి. తేడా మైనస్ 50. మైనస్ 50 ఎప్పటికీ 0.01 కంటే ఎక్కువ కాదు కాబట్టి ఆ వరుస మీ కళ్లు గప్పి జారిపోతుంది. తక్కువ అందినవి పట్టుకున్నారు, ఎక్కువ అందినవి వదిలేశారు. పైగా ఈ రెండు వరుసలూ కలిపితే B లో 2800, C లో కూడా 2800. కింద టోటల్ చూసి అంతా సరిపోయిందనుకునేవాళ్లను పట్టడానికే ఇలాంటి జంటను టెస్టుల్లో పెడతారు. ABS(B2-C2) అంటే గుర్తు పోయి 50 మాత్రమే మిగులుతుంది, రెండు వరుసలూ దొరుకుతాయి.

ఇక్కడిదాకా చాలామంది వస్తారు. అసలు తిరకాసు సరిహద్దు దగ్గర ఉంటుంది. ఒక ఖాళీ షీట్‌లో ఈ రెండూ టైప్ చేసి చూడండి:

```
=ABS(100.01-100)>0.01
=ABS(2.01-2)>0.01
```

రెండింట్లోనూ తేడా సరిగ్గా 0.01. కానీ మొదటిది TRUE, రెండోది FALSE. ఎక్సెల్ అంకెల్ని లోపల బైనరీలో దాచుకుంటుంది, 100.01 గానీ 2.01 గానీ అందులో కచ్చితంగా ఇమడవు. తీసివేశాక మొదటిది 0.01 కంటే వెంట్రుకవాసి ఎక్కువగా, రెండోది వెంట్రుకవాసి తక్కువగా తేలుతుంది. పోలిక తీసేసి =100.01-100, =2.01-2 అని మాత్రమే రాసి, దశాంశాలు 17 దాకా పెంచితే ఆ తోక కనబడుతుంది. అందుకే పోల్చేముందు తేడాను రెండు దశాంశాలకు ROUND చేయాలి.

ఇక ఖాళీ సెల్. తీసివేతలో ఎక్సెల్ దాన్ని సున్నాగా లెక్కేస్తుంది. C ఖాళీ అయితే బిల్లంతా తేడాగా కనిపిస్తుంది, రెండూ ఖాళీ అయితే దర్జాగా OK అంటుంది. నా ఉద్దేశంలో రెండోదే ప్రమాదం. COUNT అసలైన అంకెల్నే లెక్కపెడుతుంది కాబట్టి ఖాళీలూ, వేరే సాఫ్ట్‌వేర్ నుంచి టెక్స్ట్‌గా వచ్చిన అంకెలూ దానికి దొరుకుతాయి. అన్నీ కలిపితే ఇలా:

```
=IF(COUNT(B2:C2)<2,"NO AMOUNT",
 IF(ROUND(ABS(B2-C2),2)>$F$1,"CHECK","OK"))
```

0.01 ని ఫార్ములాలో రాయకుండా F1 లో పెట్టాను చూడండి. ఇంటర్వ్యూలో "0.01 ఎందుకు?" అని అడిగితే చెప్పగలగాలి. ఒక మొత్తాన్ని రెండు దశాంశాలకు సవరిస్తే గరిష్ఠంగా 0.005 అటూ ఇటూ అవుతుంది. బిల్లులో 10 ఐటమ్‌లుండి, ఒకరు ఐటమ్ వారీగా సవరించి కూడి, ఇంకొకరు కూడాక సవరిస్తే ఆ తేడా 0.05 దాకా పోవచ్చు. అలాంటి డేటాకు 0.01 పెడితే అనవసరమైన CHECK లు కుప్పలుగా వస్తాయి. అలాగని 5 పెట్టేస్తే చిన్న తప్పులన్నీ దాని కింద దాక్కుంటాయి. హద్దు డేటాను బట్టి మారుతుంది, F1 లో ఉంటే ఒక్కచోట మారిస్తే చాలు.

ABS తో గుర్తు పోతుందన్నాను కదా, ఎవరికి బాకీ ఉందో చెప్పాలంటే ఆ గుర్తు కావాలి. D లో మామూలు =B2-C2 ఉంచి, ఈ ఫ్లాగ్‌ను E లో పెట్టండి. నేనైతే టెస్ట్‌లో దీన్ని ఎవరూ అడగకపోయినా పెడతాను.

ప్రాక్టీస్‌కు 20 వరుసలు మీరే తయారు చేసుకోండి. ప్లస్ తేడా, మైనస్ తేడా, సరిగ్గా 0.01 తేడా, ఒకవైపు ఖాళీ, రెండువైపులా ఖాళీ, టెక్స్ట్ అంకె, ఇవన్నీ అందులో కలపండి. తర్వాత C లో ఒక సెల్ కింద ఉన్నవన్నీ కాపీ చేసి, ఆ సెల్ నుంచి మొదలుపెట్టి పేస్ట్ చేయండి. అక్కణ్నుంచి కిందికి దాదాపు అన్నీ CHECK అవుతాయి. అలా ఒక వరుస నుంచి వరసబెట్టి వస్తే మొత్తాలు తప్పని కాదు, రెండు కాలమ్‌లూ వరుస తప్పాయని అర్థం. అప్పుడు ABS జోలికి పోకుండా, బిల్లు నంబర్ పట్టుకుని XLOOKUP తో C ని మళ్లీ తెచ్చుకోవాలి.