చెక్కు బౌన్స్ నోటీసు కవరు తిరిగొచ్చింది, గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

ప్రశ్న: స్నేహితుడికి 3 లక్షలు అప్పిచ్చాను. 2 లక్షలు బ్యాంకులో వేశా, లక్ష చేతికిచ్చా. 2025 జూలై 2 తేదీతో చెక్కు ఇచ్చాడు. జూలై 8న బౌన్స్ అయింది, ఆగమంటే ఆగాను. మళ్లీ వేస్తే సెప్టెంబర్ 18న ఖాతాలో డబ్బుల్లేవని తిరిగొచ్చింది. అక్టోబర్ 6న లాయర్ నోటీసు పంపాం. 9న ఇంటికి తాళం ఉందని పోస్ట్‌మ్యాన్ చీటీ పెట్టి వెళ్లాడట, 18న కవరు నాకే వెనక్కి వచ్చింది. ఇప్పుడేమో అది సెక్యూరిటీకి ఇచ్చిన ఖాళీ చెక్కు అంటున్నాడు. ఇవాళ నవంబర్ 5. కేసు వేయడానికి టైమ్ ఉందా, వేసినా నిలబడుతుందా?

జవాబు: టైమ్ ఉంది, కానీ నవంబర్ 24 దాటనివ్వకండి. నేను లాయర్ని కాను. ఇలాంటి కేసే వేసి, బోనులో నిలబడి అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్ ఎదుర్కొన్నవాణ్ణి, కాబట్టి ఎక్కడ పట్టుకుంటారో కొంత తెలుసు.

ముందు జూలై సంగతి వదిలేయండి. అప్పుడు నోటీసు ఇవ్వలేదు కాబట్టి ఆ బౌన్స్ మీద కేసు ఎలాగూ లేదు. కానీ చెక్కు మీదున్న తేదీ నుంచి 3 నెలల లోపు ఎన్నిసార్లయినా బ్యాంకులో వేయొచ్చు, చివరిసారి తిరిగొచ్చినప్పుడు నోటీసు ఇచ్చి కేసు వేయొచ్చు. సుప్రీంకోర్టు 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ కేసులో ఈ విషయం తేల్చేసింది. మీరు సెప్టెంబర్‌లో వేశారు, చెక్కుకి అప్పటికింకా ప్రాణం ఉంది. ఇప్పుడు మూడోసారి వేద్దామంటే మాత్రం కుదరదు, కాబట్టి ఉన్నది ఇదొక్క అవకాశమే.

తిరిగొచ్చిందని బ్యాంకు మీకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లో నోటీసు పంపాలి. మీరు 18వ రోజున పంపారు, ఇబ్బంది లేదు. ఇక్కడ చాలామంది రిటర్న్ మెమో చేతికొచ్చిన రోజు నుంచి లెక్కేసుకుంటారు, కానీ అంతకుముందే బ్యాంకు మెసేజ్ వచ్చి ఉంటే అవతలి లాయర్ దాన్నే పట్టుకుంటాడు. అందుకని ఏది ముందొస్తే దాన్నుంచి లెక్కేసుకోవడం మంచిది. ఈ 30 రోజులు దాటితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద వేసే చెక్కు బౌన్స్ కేసు పోయినట్టే, ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో లేదు. ఫిర్యాదు వేయడంలో ఆలస్యమైతే మాత్రం సరైన కారణం చూపించి మన్నించమని అడగొచ్చు. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఇక అసలు చిక్కు కవరుది. సరైన అడ్రసుకి పోస్టులో పంపిన నోటీసు తాళం ఉందనో, తీసుకోలేదనో తిరిగొస్తే అందినట్టే భావిస్తారు. 2007లో అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నోటీసు నాకు నిజంగా అందలేదు అనేవాడికి అదే తీర్పు ఒక దారి కూడా చూపించింది, సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు డబ్బు కట్టేసి ఫిర్యాదు కొట్టేయమని అడగొచ్చు. అలా కట్టనివాడు నోటీసే రాలేదని తర్వాత మొండికేసినా పెద్దగా లాభం ఉండదు.

అందినట్టే సరే, ఏ రోజున అందినట్టు? వాదన మొదలయ్యేది ఇక్కడే. నోటీసు అందాక కట్టడానికి అతనికి 15 రోజులు ఉంటాయి, అవి అయిపోయాక మీకు ఒక నెల. చీటీ పెట్టిన అక్టోబర్ 9నే అందిందనుకుంటే 15 రోజులు అక్టోబర్ 24తో అయిపోతాయి, అక్కణ్ణుంచి నెల నవంబర్ 24. కవరు వెనక్కొచ్చిన 18 నుంచి లెక్కేస్తే 15 రోజులు నవంబర్ 2 దాకా సాగుతాయి, మీ నెల డిసెంబర్‌లోకి వెళ్తుంది. డిసెంబర్ దాకా ఉందిలే అని కూర్చుంటే మొదటి లెక్క ప్రకారం ఆలస్యమంటారు. పోనీ తొందరపడి అక్టోబర్ ఆఖర్లోనే వేసేసి ఉంటే రెండో లెక్క ప్రకారం 15 రోజులు గడవకముందే వేసినట్టయ్యేది, అలా ముందుగా వేసిన ఫిర్యాదు చెల్లదని 2014లో సుప్రీంకోర్టే చెప్పింది. ఏ లెక్కలో చూసినా తప్పు పట్టలేని రోజులు నవంబర్ 3 నుంచి 24 దాకా ఉన్నాయి. 24 సోమవారం, ఆ రోజు దాకా లాగకుండా ఈ వారమో వచ్చే వారమో వేసేయండి. తిరిగొచ్చిన కవరు చింపకండి, సీల్ అలాగే ఉంచి పోస్టు రసీదుతో, ట్రాకింగ్ ప్రింటుతో కలిపి ఇవ్వండి. నా కేసులో ఆ కవరు వెనక పోస్ట్‌మ్యాన్ పెన్నుతో గీసిన రెండు పొట్టి లైన్ల మీద అరగంట నడిచింది. కోర్టేమో చెక్కు వేసిన మీ ఖాతా ఏ బ్రాంచ్‌లో ఉందో ఆ పరిధిలోది.

ఖాళీ చెక్కు అన్న మాటకి టెన్షన్ పడాల్సిన పని లేదు. సంతకం తనదే అని ఒప్పుకున్నాడు చూడండి, మీకు కావాల్సింది అదే. సంతకం ఒప్పుకున్నాక అదే చట్టం సెక్షన్ 118, 139 ప్రకారం ఆ చెక్కు బాకీ తీర్చడానికే ఇచ్చాడని కోర్టు అనుకుని మొదలుపెట్టాలి, కాదని చూపించే భారం అతనిది. మిగతా రాత వేరే చేతిది, ఇంకు వేరు అన్నంత మాత్రాన ఆ భారం దిగదు. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇష్టపూర్వకంగా ఇచ్చినా ఇదే వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో తేలింది.

అయితే మనవాళ్లు ఇక్కడే ధీమా పడిపోతారు. అతను ఏదీ అనుమానానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు, తన కథ నమ్మదగ్గదిగా కనిపిస్తే చాలు. అందుకు బోనెక్కక్కర్లేదు, సాక్షుల్ని తేనక్కర్లేదు, మిమ్మల్నే నాలుగు ప్రశ్నలడిగి మీ నోటి నుంచే రాబట్టొచ్చు. నన్ను చెక్కు గురించి అడిగింది తక్కువ. "ఆ డబ్బు మీ దగ్గరికి ఎలా వచ్చింది? ఎవరి ముందు ఇచ్చారు? ఏ కాగితం మీదైనా రాసుకున్నారా?" అంతా ఇదే. ఆ నెలలో ఎఫ్‌డీ తీసిన ఎంట్రీ పాస్‌బుక్కులో ఉంది కాబట్టి బతికిపోయా. అప్పిచ్చే స్తోమత మీకు ఉందా అని అతను గట్టిగా ప్రశ్నించి, మీరు చూపించలేకపోతే, కోర్టు అనుకున్నది అతనివైపు తిరుగుతుంది. 2019లోనే వచ్చిన బసలింగప్ప తీర్పు అలా నడిచిందే.

మీ 2 లక్షలకి బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. చేతికిచ్చిన లక్షే బలహీనం. ఆ రోజుల్లో విత్‌డ్రా చేసిన ఎంట్రీ, "ముట్టాయి" అన్న వాట్సాప్ మెసేజ్, జూలైలో ఆగమని అడిగిన మెసేజ్ ఉన్నాయేమో వెతకండి. ఆగమన్న మెసేజ్ దొరికితే సెక్యూరిటీ కథ సగం పోతుంది, బాకీ లేనివాడు గడువు ఎందుకడుగుతాడు?

రెండు విషయాలు మీరు రాయలేదు. నోటీసులో చెక్కు మొత్తం 3,00,000 అని స్పష్టంగా అడిగారా? వడ్డీ, నోటీసు ఖర్చు అడిగినా పర్లేదు, విడిగా ఉండాలి. అన్నీ కలిపేసి ఒకే అంకె వేసినా, చెక్కు అంకె తప్పు పడినా నోటీసే చెల్లకుండా పోవచ్చు.

రెండోది, సెప్టెంబర్‌లో చెక్కు వేయకముందు అతను ఏమైనా తిరిగిచ్చాడా? ఫోన్‌పేలో 20 వేలు వేసినా సరే. అది చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేసుంటే, వేసిన రోజున బాకీ అంత లేదు కాబట్టి నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటిదేమైనా ఉంటే ఫిర్యాదు మీద సంతకం పెట్టకముందే లాయర్‌కి చెప్పండి. అప్పుడు 138 కంటే డబ్బు వసూలుకి సివిల్ దావా నయం కావచ్చు, దానికి మామూలుగా అప్పిచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు ఉంటుంది.