A1, A2 దగ్గర కాదు, ప్రూఫ్‌లో వెతకండి

ప్రశ్న: ఎకనామిక్స్ థియరీ పేపర్ చదువుతుంటే బోలెడు అసంప్షన్లు కనిపిస్తాయి. వాటిలో ఫలితాన్ని నిజంగా తెచ్చిపెడుతున్నది ఏదో ఎలా పట్టుకోవాలి?

ముందు A1, A2 అని నంబర్లు వేసిన చోటు వదిలేయండి. అక్కడ ఉండేవి చాలావరకు ఈక్విలిబ్రియం ఉందని చూపడానికో, డెరివేటివ్ ఇబ్బంది లేకుండా తీయడానికో పెట్టుకున్నవి. అసలు బరువు మోసే అసంప్షన్ మోడల్ వివరించే పేరాలో, నంబరు లేకుండా, "ప్రతి కొనుగోలుదారూ ఒక యూనిట్ కొంటాడు" అన్నంత అమాయకంగా కూర్చుని ఉంటుంది.

ఇది బాగా కనిపించే మోడల్ హోటెలింగ్‌ది, 1929 నాటిది. ఒక్కటే వీధి, పొడవు 1. రెండు దుకాణాలు, ఒకే సరుకు. కొనేవాళ్లు వీధంతా సమానంగా పరుచుకుని ఉంటారు, నడక ఖర్చు దూరాన్ని బట్టి పెరుగుతుంది. దుకాణదారులు ముందు చోటు ఎంచుకుంటారు, తర్వాత ధర పెడతారు. ఇద్దరూ ఒకరికొకరు దగ్గరగా జరుగుతారని హోటెలింగ్ అన్నాడు. 1979లో డాస్ప్రెమాంట్, గాబ్షెవిచ్, టిస్ ఆ వాదనలో లోపం చూపించారు. నడక ఖర్చును దూరపు వర్గంగా మార్చితే ఇద్దరూ వీధి చెరో చివరికి పోతారని కూడా చూపించారు. ఒకే కథకు రెండు వ్యతిరేక ముగింపులు. అసంప్షన్లను విప్పి చూడటం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి మోడల్ నాకు తెలియదు.

మొదటి పని, ఫలితాన్ని ఒక్క గుర్తు దగ్గరికి తేవడం: ప్లస్సా, మైనస్సా? మొదటి దుకాణం ఎడమ చివర నుంచి a దూరంలో, రెండోది కుడి చివర నుంచి b దూరంలో ఉన్నాయనుకోండి. ఉత్పత్తి ఖర్చు సున్నా, నడక ఖర్చు t × దూరం². ధరల ఈక్విలిబ్రియం కట్టి, దాన్ని లాభంలో పెడితే మొదటివాడికి మిగిలేది ఇది:

```
π₁ = t(1 − a − b)(3 + a − b)² / 18
```

దీన్ని అలాగే డెరివేట్ చేసి "నెగెటివ్ వచ్చింది" అని ముందుకు పోతే ఏమీ తెలియదు. రెండు ముక్కలు చేయండి. అతని వాటా (3 + a − b)/6, ధర t(1 − a − b)(3 + a − b)/3. ఇప్పుడు t = 1, b = 0 పెట్టి a ని 0 నుంచి 0.1కి జరపండి. వాటా 0.5 నుంచి 0.517కి పెరుగుతుంది. ధర 1 నుంచి 0.93కి పడుతుంది. లాభం 0.5 నుంచి 0.4805కి తగ్గుతుంది. లోపలికి జరిగితే మనుషులు దొరుకుతారు, కానీ అవతలివాడితో ధరల పోటీ ముదిరి ఆ లాభం కాస్తా పోతుంది.

రెండో పని, ఒక్క ఇటుక తీసి అదే లెక్క మళ్లీ వేయడం. ఇద్దరి ధరనూ 1 దగ్గర బిగించేయండి. ఇప్పుడు 0.1కి జరిగినవాడి వాటా 0.55, లాభం కూడా 0.55. గుర్తు తిరగబడింది. అంటే చివరలకు నెట్టేది చోటు ఎంచుకున్నాక ధర మార్చుకునే స్వేచ్ఛే. ఇదంతా చిత్తు కాగితం మీద అయ్యే పని. అయినా సెమినార్లలో చాలామంది దీన్ని వదిలేసి "యూనిఫామ్ డిస్ట్రిబ్యూషన్ వాస్తవికం కాదు కదా" అని మొదలుపెడతారు. వాస్తవికం కాకపోతే ఏమిటి? అది తీసేస్తే గుర్తు మారుతుందా లేదా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు నడక ఖర్చును వర్గం కాకుండా మామూలు దూరం చేయండి. హోటెలింగ్ పెట్టుకున్నది అదే. అదే 0.1 దగ్గర ఫార్ములా లాభాన్ని 0.534 అంటుంది, అంటే లోపలికి జరగమంటుంది. అయితే ఖర్చు రూపమే అంతా నడిపిస్తోందా? ఆగండి, ముందు ఆ ఫార్ములా చెల్లుతుందో లేదో చూడాలి. రెండు దుకాణాలూ చివరల నుంచి 0.4 దూరంలో ఉన్నాయనుకోండి, మధ్య దూరం 0.2. ఫార్ములా ప్రకారం ఇద్దరి ధరా 1, లాభం చెరో 0.5. ఒకడు ధరను 0.8 కంటే రవ్వంత కిందికి దించితే, అవతలి దుకాణం వెనక ఉన్నవాళ్లతో సహా వీధంతా అతని దగ్గరికే వస్తుంది. లాభం దాదాపు 0.8. కాబట్టి ఆ ఈక్విలిబ్రియం ఈక్విలిబ్రియమే కాదు. ఇద్దరూ చెరో చివర నుంచి సమాన దూరంలో ఉంటే, ఆ దూరం 0.25 దాటగానే ఇదే జరుగుతుంది.

ఎందుకంటే లీనియర్ ఖర్చులో, అవతలి దుకాణం వెనక ఉన్న ప్రతివాడికీ రెండు దుకాణాల మధ్య నడక ఖర్చు తేడా ఒక్కటే. ధర ఒక గీత దాటగానే అందరూ ఒక్కసారిగా మారిపోతారు. వర్గపు ఖర్చులో ఆ తేడా మనిషి మనిషికీ పెరుగుతూ పోతుంది, కాబట్టి జనం కొద్దికొద్దిగా కదులుతారు. పేపర్లో "ఫస్ట్ ఆర్డర్ కండిషన్ నుంచి" అన్న మాట కనిపించినప్పుడల్లా ఆ డిమాండ్ ఫార్ములా ఏ పరిధిలో నిజమో పక్కన రాసుకోండి. పరిధి బయటికి పెద్ద గెంతు వేసి లాభం లెక్కకట్టండి. చిన్న కదలికలు మాత్రమే చూస్తే ఈ లోపం ఎప్పటికీ దొరకదు.

మూడో పని, ప్రూఫ్‌లో ప్రతి లైను పక్కన అది ఏ అసంప్షన్ వాడిందో రాయడం. పక్కన ఏమీ రాయలేకపోయిన లైను ముందుకు నడుస్తోందంటే అక్కడ దాగి ఉన్న అసంప్షన్ ఉన్నట్టే. ఈ మోడల్లో ఆ లైను "రెండోవాడి డిమాండ్ = 1 − మొదటివాడి డిమాండ్". ధర ఎంతైనా అందరూ కొంటారన్నది అక్కడ దూరింది. దాన్ని కదపడానికి ఒక సరుకు విలువ v అనే హద్దు పెట్టండి, మొత్తం ఖర్చు దాన్ని దాటితే కొనరు. మళ్లీ వర్గపు ఖర్చుకే వస్తే, దుకాణాలు చివర్లో, ధర 1 అయితే నడిమి మనిషికి పడేది 1 + 0.25 = 1.25. v అంతకన్నా తక్కువైతే పై లెక్క నిలవదు. v మరీ తక్కువ, 0.12 అనుకోండి. చివర ఉన్న దుకాణం 0.08 ధరకు 0.2 దూరం దాకా మాత్రమే అమ్మగలదు, లాభం 0.016. అదే దుకాణం 0.2 దగ్గరికి జరిగితే రెండు వైపులా మనుషులు దొరుకుతారు, లాభం 0.032. చివరకు పొమ్మనే ఫలితం మాయం.

రోబస్ట్‌నెస్ సెక్షన్ల మీద నా గొడవ ఇదే. డిస్ట్రిబ్యూషన్ కొంచెం వంచుతారు, ఇంకో పారామీటర్ చేరుస్తారు, ఈ లైను మాత్రం ముట్టరు. నార్మలైజేషన్లూ అంతే. t = 1 అనుకోవడం నిరపాయమే, లాభాలన్నీ t రెట్లు అవుతాయి, అంతే. కానీ ఆ తర్వాత v కూడా 1 అనుకుని "సాధారణత పోదు" అని రాస్తే పోయినట్టే. ఈ మోడల్లో లెక్కకొచ్చేది v/t నిష్పత్తి, అది ఇక కదలదు.

ఇంకొకటి, ఫలితం అంచు దగ్గర ఆగిందేమో చూడండి. వర్గపు ఖర్చు కేసులో డెరివేటివ్ గుర్తు (−1 − 3a − b) మీద ఆధారపడి ఉంటుంది. వీధి లోపల అది ఎప్పుడూ నెగెటివే, అందుకే దుకాణాలు చివరల్లో ఆగుతాయి. కొనేవాళ్లు వీధిలోనే ఉన్నా దుకాణం వీధి బయట కూడా పెట్టొచ్చంటే, a = b = −1/4 దగ్గర అది సున్నా అవుతుంది, ఇద్దరూ వీధి దాటి పావు వంతు దూరంలో నిలుస్తారు. "గరిష్ఠ దూరం" అన్న పేరు తెచ్చింది వీధి గోడే.