మార్ఫిన్ డోసు పెంచితే ఊపిరి ఆగిపోతుందా?

ప్రశ్న: మా నాన్నకి కేన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు వాడుతున్నాం. మొదట 10 మి.గ్రా. సరిపోయేది, ఇప్పుడు డాక్టర్ గారు 20 చేశారు. ఊపిరి ఆగిపోతుందని చుట్టాలు భయపెడుతున్నారు. అసలిది మెదడులో ఏం చేస్తుంది?

జవాబు: కేన్సర్ వార్డులో నర్సుగా చేస్తున్నానండి, ఈ భయం తరచూ వింటుంటాను. అది పూర్తిగా ఉత్తి భయమూ కాదు.

మన నరాల కణాల మీద మ్యూ రిసెప్టర్లు ఉంటాయి, అంటే కొన్ని రసాయనాలు వచ్చి అతుక్కుని కణానికి సంకేతం ఇచ్చే చోట్లు. ఒంట్లో తయారయ్యే ఎండార్ఫిన్లు పనిచేసేది వాటి మీదే, మార్ఫిన్ కూడా వాటికే అతుక్కుంటుంది. వెన్నుపాములో నొప్పి కబురు ఒక నరం నుంచి ఇంకోదానికి చేరే చోట, పంపే నరంలోకి కాల్షియం రాకుండా తగ్గిస్తుంది కాబట్టి అది రసాయనాలు సరిగ్గా వదలలేదు. అందుకునే నరంలోంచి పొటాషియం బయటికి పోయి అదీ మందకొడి అవుతుంది. గడ్డ ఎక్కడికీ పోదు, కబురే తగ్గుతుంది. మెదడు పైభాగాల్లోనూ పనిచేస్తుంది, అందుకే కొందరు "నొప్పి తెలుస్తోంది గానీ అంత బాధగా లేదు" అంటారు.

మెదడు కింది భాగంలో ఊపిరి లయని నడిపే కణాల మీదా ఇవే రిసెప్టర్లు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే గట్టిగా ఊపిరి తీసుకోవాలి కదా, మార్ఫిన్ ఎక్కువైతే ఆ స్పందనే మొద్దుబారుతుంది.

ఇక అలవాటు పడటం. మందు రోజూ తగులుతుంటే కణం ఆ రిసెప్టర్లకి లోపలి కనెక్షన్ తగ్గిస్తుంది, కొన్నింటిని లోపలికి లాగేసుకుంటుంది, అందుకే అదే డోసు తక్కువ పనిచేస్తుంది. (డోసు పెంచాల్సి రావడానికి చాలాసార్లు జబ్బు పెరగడం కూడా కారణమే.) అయితే ఇది అన్నిటికీ ఒకేలా రాదు. వాంతులు, మగత కొద్ది రోజుల్లో తగ్గుతాయి, మెల్లగా పెంచుతూ పోతే ఊపిరి కూడా చాలావరకు తట్టుకుంటుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, విరేచనం మందు రోజూ ఇవ్వాల్సిందే.

అసలు ప్రమాదం మధ్యలో ఆపేసి మళ్ళీ పాత డోసు ఇచ్చినప్పుడు. మా వార్డుకి ఒక పెద్దాయనని అలాగే తెచ్చారు. ఇంట్లో వాళ్ళు భయపడి కొన్నాళ్ళు మాత్రలు మానేశారు, నొప్పి చూడలేక ఒక్కసారిగా పాత డోసే వేశారు, ఈలోపు తట్టుకునే శక్తి పోయింది. పిలిస్తే పలకలేదు, కనుపాపలు సూదిమొనలంత, ఊపిరి నిమిషానికి 6. నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే అది మార్ఫిన్‌ని రిసెప్టర్ల మీంచి తోసేసింది, లేచి కూర్చున్నారు. గంట తర్వాత మళ్ళీ మగతలోకి జారారు, ఎందుకంటే నాలోక్సోన్ ప్రభావం మార్ఫిన్ కంటే ముందే దిగిపోతుంది. అందుకని లేచారు కదా అని ఇంటికి పంపేయం.

మీ నాన్నగారి విషయంలో డాక్టర్ చెప్పి పెంచిన 20కి కంగారు పడకండి, మీ అంతట మీరు ఆపొద్దు, డోసులు తప్పితే మళ్ళీ ఎంతతో మొదలుపెట్టాలో ఫోన్ చేసి అడగండి. మామూలు నిద్రలో ఉంటే తట్టగానే లేస్తారు. లేవకపోయినా, ఊపిరి నిమిషానికి 8 కంటే తగ్గినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగిందేమో కూడా అడగండి, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే మార్ఫిన్ నుంచి తయారయ్యే పదార్థాలు ఒంట్లో పేరుకుని అదే డోసు ఎక్కువైపోతుంది.