స్టడీ ల్యాంప్: డబ్బా మీది అంకెలను ఎలా పోల్చాలి?

ప్రశ్న: మా పాప ఇంటర్. ఒక ల్యాంప్ మీద "ఫ్లికర్ ఫ్రీ, 4000 కెల్విన్, 1000 లక్స్" అని, ఇంకోదాని మీద "6500 కెల్విన్, 800 ల్యూమెన్లు" అని ఉంది. ఏది తీసుకోవాలి?

మొదటిదే నయం, కానీ ఆ 1000 లక్స్ ఎంత దూరంలో కొలిచారో చూడండి. ల్యూమెన్లు దీపం నుంచి వచ్చే మొత్తం వెలుగు, లక్స్ పుస్తకం మీద పడేది. అందుకే ఈ రెండు అంకెలను నేరుగా పోల్చలేం. 30 సెంటీమీటర్ల దగ్గర 1000 లక్స్ ఉంటే, దీపాన్ని 40కి ఎత్తగానే సుమారు 560కి పడిపోతుంది. చదవడానికి, రాయడానికి 500 లక్స్ చాలు కాబట్టి పర్వాలేదు. దూరం రాయకపోతే ఆ అంకెను నమ్మకండి.

6500 కెల్విన్ అంటే ఎక్కువ వెలుగు కాదు, నీలి ఛాయ ఉన్న తెలుపు, అంతే. రాత్రి చదువుకు 4000 హాయిగా ఉంటుంది.

ఇక ఫ్లికర్. షాపులోనే వెలుగును బాగా తగ్గించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. చాలా ల్యాంపులు వెలుగు తగ్గించడానికి ఎల్ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తాయి, ఫుల్ వెలుగులో అది బయటపడదు. వీడియోలో నల్ల చారలు కదిలినా, వెలుగు కొట్టుకున్నా వద్దు. మరీ వేగమైన ఫ్లికర్ ఫోన్‌కి చిక్కకపోవచ్చు.