ఆ ఒక్క ‘ఎ’ లేకపోతే మెప్పు ఫిర్యాదైపోతుంది

> “రుషికొండలో మా గెస్ట్‌హౌస్ గురించి ‘ఫ్యూ రూమ్స్ హ్యావ్ సీ వ్యూ’ అని రాశాను. మెచ్చుకుంటూ రాస్తే, తిట్టినట్టుందంటున్నారు. ఎందుకు?”

ఇంగ్లిష్ వాక్యంలో ‘ఫ్యూ’ ముందు ‘ఎ’ పడిపోయింది. మీ వాక్యానికి అర్థం: సముద్రం కనిపించే గదులు పెద్దగా లేవు. ‘ఎ ఫ్యూ రూమ్స్’ అంటే కొన్ని ఉన్నాయి. గదుల లెక్క అదే, ‘ఎ’ ఉంటే ఉన్నవాటి మీద చూపు, లేకపోతే లేనివాటి మీద.

1. చాలామంది వదిలేసే పరీక్ష ఇది: ‘ఫ్యూ’ ముందు ‘వెరీ’ పెట్టి చదవండి. ‘వెరీ ఫ్యూ రూమ్స్’ అనాలనే మీ ఉద్దేశమా? అయితే ‘ఎ’ వద్దు. కాదంటే ‘ఎ’ తప్పనిసరి.

2. లెక్కపెట్టలేనివాటికి ‘లిటిల్’, పరీక్ష అదే. ‘దేర్ ఈజ్ లిటిల్ షేడ్ ఆన్ ద బీచ్’ అంటే నీడ దాదాపు లేదని. ‘ఎ లిటిల్ షేడ్’ అంటే కాస్త ఉందని, కూర్చోవచ్చని.

3. ఒక్క జాగ్రత్త. ‘ఓన్లీ ఎ ఫ్యూ’లో ‘ఎ’ ఉన్నా మళ్లీ కొరతే. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే మాత్రం చాలానే అని.

మీ వాక్యం: ‘ఎ ఫ్యూ రూమ్స్ హ్యావ్ సీ వ్యూస్.’